తిరిగొచ్చాక పెడితే సరిపోతుందా?

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే హనుమకొండలో ఏ కాలనీ వాట్సాప్ గ్రూపు తెరిచినా అవే సలహాలు. ఊరెళ్తే పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లండి, బంగారం లాకర్‌లో పెట్టండి, టూరు ఫొటోలు తిరిగొచ్చాకే పెట్టండి. మొదటి రెండింటి గురించి నేను చెప్పేదేమీ లేదు. మూడోది కూడా మంచి సలహానే. కాకపోతే అది విన్నవాళ్లు తమ పని అక్కడితో అయిపోయిందనుకుంటున్నారు. సోమవారం ఇంటికొచ్చి, మంగళవారం రాసింది రాసినట్టు మొత్తం పెట్టేస్తున్నారు. అందులో ఆలస్యం చేస్తే పోయే ప్రమాదం ఎంత, ఎంత ఆలస్యం చేసినా పోనిది ఎంత అని ఎవరూ చూడట్లేదు.

ఈ మాట నాకు గట్టిగా అనిపించింది మా చెల్లె రాసిన పోస్టు చదివాక. వాళ్లు దసరాకు అరకు వెళ్లారు. తను బాగా రాస్తుంది, తెలిసినవాళ్లు ఎదురుచూసి మరీ చదువుతారు. అరకు నుంచే రాసి, పెట్టే ముందు నాకు పంపింది, "తప్పులేమన్న ఉంటే చూడన్నా" అని. తప్పులంటే తన ఉద్దేశం అచ్చుతప్పులు. నేను వేరేవి చూశాను. అవి ఇక్కడ రాస్తానంటే, పేర్లు, గుర్తులు మార్చి రాసుకోమని తనే ఒప్పుకుంది. కింద ఇచ్చిన వివరాల్లో కొన్ని అందుకే అసలువి కావు.

చెల్లె రాసింది

మొత్తం ఇవ్వను, పని ఉన్న ముక్కలే ఇస్తాను.

"మొన్న రాత్రి వరంగల్‌ల గోదావరి ఎక్కినం. ఇప్పుడు అరకుల మా హోటల్ బాల్కనీల కూసొని రాస్తున్న. ఆదివారం దాకా ఇక్కడనే."

"అత్తమ్మ రానంటే రానన్నది. ఒక్కతే ఇంటికాడ ఉన్నది. చెవులు మందం గద, రాత్రి ఫోన్ చేస్తే ఎత్తదు. పొద్దుగాల ఐదింటికి తలుపు తీసి వాకిలి ఊడ్సేటప్పుడు చేస్తెనే దొరుకుతది."

"సోమవారం నుంచి మళ్ల మామూలే. సాయంత్రం ఐదింటికి చిన్నదాన్ని డాన్స్ క్లాసుకాడ దింపుడు, నేను వడ్డేపల్లి కట్ట మీద నడుసుడు, ఆరున్నరకు అది గేటు బయట నిలబడితే తోలుకొచ్చుడు. ఈ కొండలను ఇడిసిపెట్టి రాబుద్ధయితలేదు."

చదవడానికి ఎంత హాయిగా ఉందో చూడండి. ఎక్కడా గొప్పలు లేవు. సలహా ప్రకారం చూస్తే తప్పు మొదటి ముక్కలోనే ఉంది, "ఇప్పుడు అరకుల", "ఆదివారం దాకా". తనకీ ఆ సంగతి తెలుసు. "పెట్టేది వచ్చినాకనే లే" అంది.

అప్పుడు నేను తనను ఒక్కటే అడిగాను. ఈ మూడు ముక్కల్లో ఏది ఎన్నాళ్లు నిజంగా ఉంటది? మొదటిది ఆదివారంతో అబద్ధమైపోతుంది. మంగళవారం చదివేవాడికి దానితో పని లేదు. రెండోదాంట్లో "ఒక్కతే ఉన్నది" అన్నంతవరకే వీళ్లు రావడంతో తీరిపోతుంది. ఆమె చెవులు మందమన్నది, ఐదింటికి చీకట్లో తలుపు తీసి బయటికి వస్తుందన్నది వచ్చే ఏడాది కూడా నిజమే. మూడోదైతే వీళ్లు తిరిగొచ్చిన రోజు నుంచే నిజమవడం మొదలవుతుంది. అరకులో ఉన్నప్పుడు పెడితే ఆ నాలుగు రోజులైనా దానితో ఎవరికీ ఉపయోగం ఉండేది కాదు. తిరిగొచ్చి పెడితే ఆ సాయంత్రమే పనికొస్తుంది. ఏ పిల్ల, ఏ వారాల్లో, ఏ గేటు బయట, ఎన్ని గంటలకు ఒంటరిగా నిలబడుతుందో తల్లే రాసిచ్చినట్టయింది. చెల్లె ఫోన్‌లో కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అందుకే అంటున్నాను. రాసిన పోస్టు సరిచూసుకునేటప్పుడు మొదట పట్టుకోవాల్సింది ఊరి పేరు కాదు. టూరు గురించి రాసిన మాటలు టూరుతోనే పాతబడతాయి. టూరు కథ మధ్యలో ఇంటి గురించి, దినచర్య గురించి దొర్లే మాటలే పాతబడవు. అవి పక్కదారి మాటలు కాబట్టి రాసేవాళ్ల కళ్లు కూడా వాటి మీద ఆగవు.

దొంగలు ఫేస్‌బుక్ చూస్తారా?

బావ ఫోన్ తీసుకుని ఇదే అడిగాడు. "దొంగలకు గివన్ని సదివే ఓపిక ఉంటదా? తాళంకప్ప చూస్తరు, వాకిట్ల ముగ్గు లేకపోవుడు చూస్తరు, గేటుకు చెక్కిన పేపర్లు చూస్తరు. గంతే."

ఆయన మాట చాలావరకు నిజం. మన దగ్గర తాళం పగలగొట్టే దొంగ వీధిలో నడిచే ఇల్లు ఎంచుకుంటాడు. ముక్కూమొహం తెలియనివాడు ఎక్కడో కూర్చుని చెల్లె పోస్టు చదివి, ఇల్లు వెతుక్కుంటూ హనుమకొండ వస్తాడని నేనూ అనుకోను. నా భయం సగం తెలిసినవాళ్ల గురించి. ఇల్లు ఎక్కడో తెలిసి, ఇంట్లో ఎవరు ఎప్పుడుంటారో తెలియనివాళ్లు. లేదా పిల్ల ఏ స్కూలో తెలిసి, సాయంత్రం ఎక్కడికెళ్తుందో తెలియనివాళ్లు. వాళ్ల దగ్గర లేని ఆ రెండో సగమే ఇలాంటి పోస్టుల్లో దొరుకుతుంది. పనిచేసుకు బతికే మేస్త్రీనో, డెలివరీ అబ్బాయినో అనుమానించమని చెప్పట్లేదు. ఆ సగం తెలిసినవాళ్లలో బంధువులుంటారు, పాత పరిచయస్తులుంటారు, గొడవపడి విడిపోయినవాళ్లుంటారు. మనింటి వివరాలు అంతమందిలో ఎవరి చేతికి వెళ్తున్నాయో రాసేవాళ్లకు తెలియదు.

రెండో రకం మనిషి వీధిలోకి రానే రాడు, ఫోన్ చేస్తాడు. బావకు ఈ సంగతి చెప్పాకే ఆయన కుదురుగా విన్నాడు. ఇలా అనుకుందాం. చెల్లె ఆ పోస్టు శుక్రవారం అరకు నుంచే పెట్టింది. శనివారం పొద్దున ఐదుంబావుకు అత్తమ్మకు ఫోను. "అమ్మా, అరకు పోలీస్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్నం. మీ కొడుకు వాళ్ల బండి లోయల పడ్డది. చిన్నపాపకు దెబ్బలు తగిలినయ్, ఆపరేషన్ చెయ్యాలె, డబ్బులు కట్టాలె." కొడుకు పేరు కరెక్టు, మనవరాలి పేరు కరెక్టు, హోటల్ పేరు కరెక్టు. ఆమె ఫోన్ ఎత్తే టైమూ కరెక్టు. పక్కన ఇంకెవరూ లేరని కూడా వాడికి తెలుసు. చెవులు మందమైన మనిషి గొంతు తేడా పట్టుకోలేదు. కొడుక్కి చేసి చూద్దామంటే అరకు లోయలో, సొరంగాల మధ్య సిగ్నల్ ఒకసారి ఉంటే ఒకసారి ఉండదు. ఆ పది నిమిషాల్లో ఆమె పక్కింటి పిల్లాడిని లేపి డబ్బు పంపించేస్తుంది.

ఇలా ఆపద పేరు చెప్పి డబ్బులు గుంజే ఫోన్లు మనకు కొత్త కాదు. చాలామంది వాటిని నమ్మరు. ఎందుకు నమ్మరంటే చెప్పేవాడి దగ్గర వివరాలుండవు, "మీ అబ్బాయి" అంటాడే తప్ప పేరు చెప్పలేడు. ఆ లోటు పూరించేది మనం పెట్టే పోస్టే. ఇల్లు ఖాళీగా లేదు కదా, అత్తమ్మ ఉంది కదా అని వీళ్లు ధీమాగా ఉన్నారు. కానీ ఈ పోస్టు వల్ల ఎక్కువ ప్రమాదం టూరుకు వెళ్లినవాళ్లకు కాదు, ఇంటి దగ్గర ఉండిపోయిన ఆమెకే. ఈ రకం ప్రమాదానికి మాత్రం ఆలస్యంగా పెట్టడమే అసలైన మందు, ఒప్పుకుంటాను. అందరూ ఇంట్లో ఉన్నాక ఆ ఫోన్ పనిచేయదు.

ఫొటోలు

రాతలో దాచింది ఫొటోలో బయటపడుతుంది. చెల్లె కొన్ని ఫొటోలు పంపింది. క్లారిటీ పోవద్దని డాక్యుమెంట్‌గా పంపింది, మంచిదే అయింది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గించేటప్పుడు లోపలి సమాచారం కూడా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వస్తుంది. బయల్దేరే ముందు ఇంటి గేటు దగ్గర నలుగురూ నిలబడి దిగిన ఫొటోను నా ఫోన్‌లో గూగుల్ ఫొటోస్‌లో తెరిచి పైకి జరిపాను. తీసిన తేదీ, టైమూ, కింద చిన్న మ్యాపు. మ్యాపులో గుర్తు సరిగ్గా వాళ్ల సందులోనే పడింది. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోను ప్రతి ఫొటోలోనూ అక్షాంశ రేఖాంశాలు రాసిపెడుతుంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఆ సమాచారాన్ని చూసేవాళ్లకు చేరకుండా తీసేస్తాయి, కాబట్టి అక్కడ పెడితే ఇంతవరకు భయం లేదు. అదే ఫొటోను సొంత బ్లాగులోకి ఎక్కించినా, మెయిల్‌లో పంపినా, డ్రైవ్ లింకు ఇచ్చినా తీసేసేవాళ్లు ఉంటారన్న భరోసా లేదు. ఇంటి దగ్గర తీసినవాటికి సులువైన దారి ఒకటుంది. ఫొటోను తెర నిండా తెరిచి స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ స్క్రీన్‌షాట్‌నే వాడాలి. అసలు ఫైల్లో ఉన్న లొకేషన్ అందులోకి రాదు.

అయితే చెల్లె ఫొటోలో మ్యాపు అవసరం కూడా లేదు, బొమ్మలోనే అన్నీ ఉన్నాయి. గేటు పక్క గోడకు ఇంటి నంబరు పలక. పిల్లల వెనక స్కూటీ, నంబరు ప్లేటు ఇటే తిరిగి ఉంది. ఎడమ అంచున ఎదురింటి కింద ఉన్న కిరాణా కొట్టు బోర్డు, పేరు సగమే కనిపిస్తుంది, కానీ సందు పట్టుకోవడానికి ఆ సగం చాలు. తెరిచిన తలుపులోంచి లోపలి గోడ మీద తాళంచెవుల స్టాండు. నేను ఒక్కోటీ చెప్తుంటే తను ఫొటోను పెద్దది చేసి చూస్తూ "అయ్యో, గది గూడ కనవడుతుందా" అంటోంది. ఫొటోను అలా పెద్దది చేసి, మొహాలు వదిలేసి, నాలుగు అంచులూ వెనక గోడా చూడాలి. తీసినవాళ్లు మొహాలే చూస్తారు కాబట్టి ఇది పట్టుబట్టి చేస్తే తప్ప జరగదు.

తను వెంటనే ఫోన్‌లోని పెన్నుతో ఇంటి నంబరు మీద నల్లగా గీసి పంపింది. ఫొటోలో బ్రైట్‌నెస్ పెంచితే అంకెలు మసక మసకగా కనిపించాయి. తను వాడింది హైలైటర్, అది పలచగా పడుతుంది. ఎన్నిసార్లు గీసినా కింద ఉన్నది పూర్తిగా పోయిందన్న నమ్మకం లేదు. కప్పాలంటే మందమైన డబ్బా అతికించాలి, అంతకన్నా మంచిది ఆ అంచు కోసేయడం. కోశాక కొత్త కాపీగా సేవ్ చేసి, ఆ కాపీనే ఎక్కించాలి.

రెండో ఫొటో టికెట్టు. తిరుగు ప్రయాణం కన్ఫర్మ్ అయిన సంతోషంలో తీసింది. పీఎన్ఆర్ పది అంకెలూ స్పష్టంగా ఉన్నాయి. ఆ అంకెలతో ఎవరైనా ఏ రైలు, ఏ తేదీ, ఏ బోగీ, ఏ బెర్తు అని చూడొచ్చు. ప్రయాణమైపోయిన కొన్నాళ్లకు ఆ నంబరు పనిచేయడం మానేస్తుంది, కాబట్టి ఇదీ ఆలస్యంతో తీరే ప్రమాదమే అనిపిస్తుంది. కానీ టికెట్టు మీద నలుగురి పూర్తి పేర్లు, వయసులు వరసగా అచ్చయి ఉన్నాయి. అవి ఎక్కడికీ పోవు. ఇందాకటి ఫోన్ చేసేవాడికి కావాల్సింది కూడా అవే. టికెట్టు ఫొటోను ఎడిట్ చేయడానికి నేను ఒప్పుకోలేదు, మొత్తం తీసేయమన్నాను. దాన్ని చూసి చదివేవాళ్లకు వచ్చే ఆనందం ఏముంది?

"ఇవన్ని తీసేస్తే ఇంకేం మిగుల్తది?"

చెల్లె అడిగిన ఈ ప్రశ్నే నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది. తన రాతలో జీవమంతా ఆ చిన్న చిన్న వివరాల్లోనే ఉంది. అత్తమ్మను తీసేస్తే అది టూరిజం వాళ్ల కరపత్రం అవుతుంది. భయపడి అన్నీ కోసేసుకునే పద్ధతి నాకు నచ్చదు. అలా చేసినవాళ్లు రెండుసార్లు కోసుకుని, మూడోసారి విసుగొచ్చి ఉన్నదున్నట్టు పెట్టేస్తారు.

అందుకని ఇద్దరం కూర్చుని, అంటే ఫోన్‌లోనే, ఆ ముక్కలను తిరగరాశాం. అత్తమ్మ ముక్కలో చదివేవాళ్లకు కావాల్సింది ఆమె టైముటేబులు కాదు, ఆమె మాట. రానని ఎట్లా అన్నదో చెప్పమన్నాను. చెల్లె నవ్వుతూ చెప్పింది, అదే రాయమన్నాను. ఇప్పుడు ఇలా ఉంది: "అత్తమ్మకు కొండలంటే భయం, రైలు సొరంగంల పోతదంటే ఇంకా భయం. అరకు కాఫీపొడి తెస్తమంటే, 'మీ కాఫీ మీరే తాగుండ్రి, నాకు చాయ్ సాలు' అన్నది." పాతదానికన్నా ఇదే బాగుంది, చెల్లె కూడా ఒప్పుకుంది. ఆమె ఇంట్లో ఒక్కతే ఉందా, ఇంకెవరి దగ్గరైనా ఉందా అన్నది ఇందులో లేదు. ఆమె మాత్రం ఉంది.

డాన్స్ క్లాసు ముక్క దగ్గర గొడవైంది. ఆ వాక్యం ఎందుకు రాసిందో తను వివరించింది. రోజూ గంటల ప్రకారం పరిగెత్తే బతుకు నుంచి ఇక్కడికొచ్చి ఊపిరి తీసుకున్నానని చెప్పడానికట. సరే, ఆ పరుగు చెప్పు, గంటలు చెప్పకు అన్నాను. "గంటలు లేకుంటే పరుగెట్ల తెలుస్తది?" అంది. నిజమే, కొంత బలం పోయింది. చివరికి "ఒకదాన్ని దింపుడు, ఒకదాన్ని తోలుకొచ్చుడు, నడుమ దొరికిన కాసేపు కట్ట మీద నడుసుడు" అని రాసింది. కట్ట పేరు, క్లాసు పేరు, టైము, వారం ఏవీ లేవు. గేటు బయట నిలబడే పిల్ల లేదు. పాత వాక్యమంత పదును లేదని ఇప్పటికీ తనకు బాధే. ఆ బాధను నేను కాదనను, కానీ ఇక్కడ పిల్ల సంగతి కాబట్టి వెనక్కి తగ్గలేదు.

బొర్రా గుహల చీకటి, దారిలో కాల్చి ఇచ్చిన బొంగు చికెన్, రైల్లో పక్క సీటు పెద్దాయనతో బావ పెట్టుకున్న రాజకీయ చర్చ, ఇవన్నీ అక్షరం మార్చకుండా ఉంచాం. తిరిగొచ్చాక వాటితో ఎవరికీ ఏ హానీ లేదు. పోస్టులో ముప్పాతిక వంతు అవే.

పోస్టు శుభ్రంగా ఉంటే చాలదు

మంగళవారం పెట్టే ముందు ఇంకొక్కటి చేద్దామన్నాను. చెల్లె ఫేస్‌బుక్ పేజీలో కిందికి జరుపుకుంటూ పోయాను. చాలా కిందికి పోనక్కర్లేకపోయింది. రెండేళ్ల కిందటి గృహప్రవేశం పత్రిక, పబ్లిక్‌లో. ఇంటి నంబరు, సందు, ఫలానా గుడి వెనక అని గుర్తు, ఇద్దరి ఫోన్ నంబర్లు, మూలన స్కాన్ చేస్తే మ్యాపు తెరుచుకునే క్యూఆర్ కోడు. మేము రెండు రోజులు కూర్చుని గేటు ఫొటోలో ఇంటి నంబరు కోస్తున్నాం, ఇక్కడేమో బంగారు అక్షరాల్లో అచ్చేసి ఉంది.

అందుకే పోస్టును ఒంటరిగా చదివితే సరిచూసినట్టు కాదంటాను. చదివేవాడు దాన్ని మన పాత పోస్టుల పక్కన పెట్టుకుని చదువుతాడు. పెళ్లి పత్రిక, గృహప్రవేశం పత్రిక, పిల్లల పుట్టినరోజు ఫొటో, స్కూల్ యూనిఫాంలో మొదటిరోజు ఫొటో, మనవాళ్లందరి పేజీల్లోనూ ఈ నాలుగూ ఉంటాయి. కొత్త పోస్టులో "అత్తమ్మ" అని ఉంటే, ఆమె పేరు, ముఖం, చిరునామా పాతవాటిలో దొరుకుతాయి. పాతవన్నీ ఒక్కోటి వెతకడం కుదరకపోతే ఫేస్‌బుక్ సెట్టింగుల్లో Limit past posts అని ఒకటుంది. పబ్లిక్‌గా ఉన్న పాత పోస్టులన్నీ ఒక్క దెబ్బకు స్నేహితులకు మాత్రమే అవుతాయి. చెల్లె అది చేసింది, పత్రికను మాత్రం Only me కి మార్చింది.

స్నేహితులకు మాత్రమే అన్నదాన్నీ పూర్తిగా నమ్మొద్దు. పోస్టులో ఎవరినైనా ట్యాగ్ చేస్తే వాళ్ల స్నేహితులకూ అది కనిపించే వీలుంది. బావను, ఆడబిడ్డను ట్యాగ్ చేద్దామనుకున్న చెల్లె అందుకే మానుకుంది. పెట్టేశాక దిద్దుకుందాంలే అనుకోవడమూ తప్పే. ఫేస్‌బుక్‌లో పోస్టు దిద్దితే పాత రూపం ఎడిట్ హిస్టరీలో ఉండిపోతుంది, పోస్టు చూడగలిగినవాళ్లు దాన్నీ చూడగలరు. ముందు మాట వద్దనుకుంటే పోస్టు మొత్తం తీసేసి మళ్లీ పెట్టడమే దారి.

మన చేతిలో లేనివీ ఉన్నాయి. చెల్లె ఇంత జాగ్రత్తపడుతుంటే బావ అరకు నుంచి రోజూ వాట్సాప్ స్టేటస్ పెడుతూనే ఉన్నాడు. "అది ఒక్కరోజే గదా ఉండేది" అన్నాడు. ఇరవైనాలుగు గంటల్లో పోయేది స్టేటస్సే, చూసినవాళ్ల జ్ఞాపకం కాదు. పైగా "ఇప్పుడు ఇక్కడ ఉన్నాం" అనే సంగతికి ఒక్కరోజు చాలు, ఆ ఒక్కరోజే దాని ఆయుష్షు. స్టేటస్ ఎవరు చూడాలో ఎంచుకునే వీలు ఉంది, Only share with అని. ఇంటివాళ్ల పేర్లు నాలుగు పెట్టుకుంటే సరిపోయేది. ఆయన పెట్టలేదు. ఫోన్‌లో నంబరున్న ప్లాట్ల బ్రోకర్లతో సహా అందరూ చూశారు.

పోస్టు మంగళవారం రాత్రి పెట్టింది. కింద మొదటి కామెంట్లలోనే బావ వాళ్ల పెద్దమ్మ కూతురు రాసింది, "వదినా, చిన్నది డాన్స్ క్లాసు మానేసిందా, ఇంకా అదే టీచర్ దగ్గరికేనా?" అని, టీచర్ పేరుతో సహా. ప్రేమగానే అడిగింది. చెల్లె ఆ కామెంటు దాచేసి, ఆమెకు ఫోన్ చేసి మాట్లాడింది. గృహప్రవేశం పత్రికను అప్పట్లో తమ పేజీల్లో విడిగా పెట్టిన చుట్టాలకు కూడా చేసింది. కొందరు వెంటనే తీసేశారు. బావ వాళ్ల పెద్దన్న మాత్రం "శుభకార్యం పత్రిక తీసేసుడేంది" అన్నాడట, అది ఇంకా అక్కడే ఉంది.